‘కావున’ దాకా ఆపిన ఊపిరి

నేను జూనియర్‌గా చేరిన సివిల్ లాయరు గారి ఆఫీసు కాగితాల్లో ఒక కార్బన్ కాపీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. 1996లో టైపు చేసిన సేల్ అగ్రిమెంటు అది, ఇంగ్లీషులో. రెండు వందల గజాల ఇంటి స్థలం, నాలుగు లక్షల ధర, యాభై వేల అడ్వాన్సు, తొంభై రోజుల గడువు. అంతకంటే విశేషమేమీ లేదు. దాన్ని దాచుకున్నది మొదటి పేజీలోని మూడు సెమీకోలన్ల కోసం, చివర్లో వచ్చే ఒక్క కోలన్ కోసం.

అగ్రిమెంటులో పార్టీల పేర్లయ్యాక, అసలు షరతులు మొదలయ్యే ముందు పూర్వకథ ఉంటుంది. దాన్నే రిసైటల్స్ అంటారు. ప్రతి పేరా ‘వేరాజ్’ అని మొదలవుతుంది. మా సీనియర్ గారి పేజీని ఆయన పెట్టిన గుర్తులు పెట్టినట్టే ఉంచి తెలుగులో చెబితే ఇలా ఉంటుంది:

అమ్మేవారు షెడ్యూలు స్థలాన్ని రిజిస్టరైన క్రయ దస్తావేజు ద్వారా కొని ఉన్నందున;

ఆ స్థలాన్ని తనఖా పెట్టి బ్యాంకులో తీసుకున్న అప్పును వడ్డీతో తీర్చి, తనఖా విడుదల చేయించుకుని, అసలు దస్తావేజులు వెనక్కి తెచ్చుకున్నందున;

కుటుంబ అవసరాల నిమిత్తం దాన్ని అమ్మదలచగా, నాలుగు లక్షలకు కొనడానికి కొనేవారు ఒప్పుకున్నందున;

కావున, ఉభయులూ సమ్మతించినది ఏమనగా:

ఇక్కడిదాకా ఎక్కడా ఫుల్‌స్టాప్ లేదు. ‘వేరాజ్’తో మొదలైన మాట తన కాళ్లమీద తాను నిలబడలేదు, తర్వాత వచ్చే ప్రధాన వాక్యం మీద ఆనుకుని ఉంటుంది. ‘కొని ఉన్నందున’ అని ఆగిపోతే వినేవాడు ‘అయితే ఏమిటి?’ అంటాడు. ఆ ‘ఏమిటి’కి జవాబు ‘నౌ, దేర్‌ఫోర్’ తర్వాత గాని రాదు. అందుకే అక్కడిదాకా చుక్క పెట్టకూడదు. ఈ రోజుల్లో నా చేతికి వచ్చే డ్రాఫ్టుల్లో సగానికి పైగా ప్రతి వేరాజ్ పేరా చివరా ఫుల్‌స్టాప్ ఉంటుంది. చదివేవాడికి అర్థం కాకపోదు, కోర్టు దాన్ని చెల్లదనీ అనదు. కానీ మూడు తోకలు కోసి పక్కపక్కన పెట్టినట్టు ఉంటుంది.

పాత ఇంగ్లండు దస్తావేజుల్లో ఈ ఊపిరి ఇంకా పొడుగు. ‘ఈ ఇండెంచర్’ అని మొదటి మాటలోనే కర్త వస్తుంది. తేదీ, పార్టీలు, పూర్వకథ అంతా గడిచాక గాని ‘సాక్ష్యమిస్తోంది’ అనే అర్థం వచ్చే ‘విట్నెసెత్’ అనే క్రియ రాదు. పైగా వాటిలో విరామ చిహ్నాలు దాదాపు ఉండేవి కావు. కామా ఒకటి తర్వాత ఎవడైనా ఇరికిస్తే అర్థం మారిపోతుందన్న భయం అందుకు ఒక కారణమని చెబుతారు. గుర్తులు చేయాల్సిన పనిని పెద్దక్షరాల్లో రాసిన ‘వేరాజ్’, ‘నౌ’ లాంటి మాటలే చేసేవి. మనకు గుర్తులూ వచ్చాయి, ఆ మాటలూ మిగిలాయి. రెండూ ఒకే పని చేస్తున్నాయా, ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయా అన్నది రాసేవాడి నేర్పును బట్టి ఉంటుంది.

మా సీనియర్ గారి నేర్పు రెండో రిసైటల్‌లో కనిపిస్తుంది. అప్పు తీర్చడం, తనఖా విడిపించడం, కాగితాలు తెచ్చుకోవడం మూడు పనులు, కానీ చెబుతున్న సంగతి ఒక్కటే: ఆ స్థలం మీద ఇప్పుడు భారం లేదు. అందుకే లోపల కామాలతో సరిపెట్టి, సెమీకోలన్‌ను సంగతి ముగిసిన చోటికి మాత్రమే దాచారు. ఆయన పేజీలో సెమీకోలన్లు లెక్కపెడితే రిసైటల్స్ లెక్క తెలిసిపోతుంది: మూడంటే మూడు. స్థలం ఎలా వచ్చింది, దాని మీద భారం లేదు, ఇప్పుడు ఎందుకు అమ్ముతున్నారు. నాలుగోది కనిపించిందంటే ఒక సంగతిని రెండుగా చీల్చామనో, పనికిరానిది చేర్చామనో అనుమానించాలి.

మూడో రిసైటల్ చివర ఏ గుర్తు పెట్టాలన్నది చిక్కు ప్రశ్న. చాలామంది అక్కడ కోలన్ పెడతారు, తర్వాత ‘ఏమనగా’ అన్న చోట మళ్లీ కోలన్ పెడతారు. ఒకే వాక్యంలో రెండు తలుపులు తెరిస్తే ఏది గుమ్మమో తెలియదు. ఆయన మూడోదానికీ మిగతా రెండింటిలాగే సెమీకోలన్ పెట్టి, కోలన్‌ను అసలు గుమ్మానికి వదిలారు. ‘నౌ’కు ఒక కామా, ‘దేర్‌ఫోర్’కు ఒక కామా. రెండూ లేకపోయినా పరవాలేదు గాని, ‘నౌ’ పక్కన పెట్టి రెండోది మరిస్తే ఒంటిచెప్పుతో నడిచినట్టే. కోలన్ పక్కన గీత గీసే టైపు మిషన్ అలవాటును ఆయన దగ్గరికి రానివ్వలేదు.

గుమ్మం స్పష్టంగా ఉండాలనడం అందం కోసం కాదు. 1886లో ఎక్స్ పార్టీ డాస్ కేసులో లార్డ్ ఎషర్ చెప్పిన సూత్రాన్ని లాయర్లు ఈనాటికీ ఉదహరిస్తారు. రిసైటల్స్ స్పష్టంగా ఉండి షరతులు సందిగ్ధంగా ఉంటే, షరతులకు రిసైటల్స్‌ను బట్టి అర్థం చెప్పాలి. షరతులు స్పష్టంగా ఉండి రిసైటల్స్ సందిగ్ధమైతే షరతులే చెల్లాలి. రెండూ స్పష్టంగా ఉండి పొసగకపోతే అప్పుడూ షరతులదే పైచేయి. అంటే కోలన్‌కు ఈవలి మాటకూ ఆవలి మాటకూ బరువు ఒకటి కాదు. నేను చూసిన ఒక అగ్రిమెంటులో ‘మిగతా సొమ్ము తొంభై రోజుల్లో చెల్లించవలెను’ అన్న మాట మూడో వేరాజ్‌లో దూరింది, షరతుల్లో గడువు ఊసే లేదు. గొడవ వచ్చినప్పుడు కొనేవారి లాయరు, అది జరిగిన కథే గాని మేమిచ్చిన మాట కాదని వాదించాడు. ‘వలెను’ ఎక్కడ కనిపించినా అది కోలన్‌కు ఆవల ఉందా అని చూడడం నాకు అప్పటినుంచీ అలవాటైంది.

1947 నవంబరు 29న భారత ప్రభుత్వం, నిజాం చేసుకున్న యథాతథ ఒడంబడికకూ ఇదే ఎముకల గూడు. స్నేహంగా కలిసి పనిచేయాలన్న ఆశయం ఉంది గాని సంబంధం ఏ రూపంలో ఉండాలో ఇంకా తేలలేదని ఒక వేరాజ్. ఈలోగా పాత ఏర్పాట్లు సాగడం ఇద్దరికీ మేలని రెండోది. ఆ తర్వాత ఐదు ఆర్టికల్స్. స్నేహం రిసైటల్‌లోనే ఆగిపోయింది. ఏడాది గడువు మాత్రం ఆర్టికల్స్‌లోకి దాటింది.

కాంట్రాక్టు భాష మీద మాన్యువల్ రాసిన కెన్ ఆడమ్స్ లాంటివారు ఈ వేరాజ్‌లన్నీ తీసేయమంటారు. చిన్న చిన్న మామూలు వాక్యాలు, ప్రతిదానికీ ఫుల్‌స్టాప్, చివర ‘అందువల్ల ఉభయులూ ఈ కింది విధంగా ఒప్పుకుంటున్నారు’ అని ఒక కోలన్. అది సబబే, నేనూ ఇప్పుడు అలాగే రాస్తాను. నేను ఒప్పనిది వేరాజ్‌ను ఉంచుకుని చుక్కలు పెట్టే సగం సగం పద్ధతిని.

తెలుగు దస్తావేజు లేఖరులకు ఈ బాధ లేదు. ‘ఉన్నందున’, ‘చేసి’, ‘పొంది’ అంటూ వాళ్ల వాక్యం తనంతట తానే వేలాడుతూ పోతుంది. వాక్యం ముగియలేదని ప్రత్యయమే చెబుతుంటే సెమీకోలన్‌తో పనేముంది! ఆ అగ్రిమెంటుకే తెలుగు ప్రతి కూడా తయారైంది. టైపిస్టు ఇంగ్లీషు చూసుకుంటూ ‘ఏమనగా’ పక్కన కోలన్ కొట్టాడు. సీనియర్ గారు దాన్ని పెన్సిల్‌తో కొట్టేసి, మార్జిన్‌లో ‘మాటలోనే ఉంది’ అని రాశారు.