ఒంటికన్నా చిన్న కొలత

లెగ్గింగ్స్ కుట్టడం తెలిసిన దర్జీ కత్తెర పట్టే ముందు బట్టను లాగి చూస్తుంది. అడ్డంగా మడిచి, 10 సెంటీమీటర్లు గుర్తు పెట్టి, స్కేలు పక్కన సాగదీస్తుంది. 15 దాకా హాయిగా వస్తే సాగుడు 50 శాతం. అప్పుడు 100 సెంటీమీటర్ల తుంటికి 90 వచ్చే ప్యాటర్న్‌నే ధైర్యంగా ఎంచుకుంటుంది. ఆ తక్కువ కొలతే బట్టను ఒంటికి అంటిపెట్టి ఉంచుతుంది.

అదే బట్ట 12 దగ్గరే బిగుసుకుపోతే సాగుడు 20 శాతమే. 90 సైజు తొడుక్కోవచ్చు గానీ, వంగితే బట్ట పలచబడి లోపల కనిపిస్తుంది, కుట్లు పటపటమంటాయి. అందుకే ఒక సైజు పెంచుతుంది.

నాకు ముచ్చటేసేది ఆ తర్వాతి పని. చేయి వదిలేసి, గుర్తులు మళ్లీ 10కి వచ్చాయా అని కొలుస్తుంది. 11 దగ్గర ఆగిపోతే, ఎంత సాగినా ఆ బట్ట పక్కకే: నాలుగు రోజులకే మోకాళ్ల దగ్గర సంచుల్లా వేలాడుతుంది.