జమకు ఒక జ, జిల్లాకు ఇంకో జ

సి.పి. బ్రౌన్ 1854లో మిశ్రభాషా నిఘంటువు వేసి, కచేరీల్లో వాడే పార్సీ, అరబ్బీ మాటల్ని తెలుగు మాటల నుంచి విడదీసినాడు. మా బళ్లారి లెక్కల మాటలు వెతికేవాళ్లకు అది మేలే. అయితే ఆ విభజనతో నాకు ఒక పేచీ ఉంది. మాట యాడనుంచి వచ్చిందో చెప్తే సరిపోదు, వచ్చినాక ఏమైందో కూడా చూడాల.

'జమ' అరబ్బీ మాట. అక్కడ అది మామూలు జ. మనం పళ్ల దగ్గర పలికే ౙతో 'ౙమ' అంటాం. 'జిల్లా' పార్సీలో z శబ్దంతో ఉండేది. దాన్ని మాత్రం మెత్తని జతో పలుకుతాం. అంటే మూలంలోని తేడా తలకిందులైంది! కారణం తెలుగు సూత్రమే: అ, ఉ, ఒల ముందు ౙ, ఇ, ఎల ముందు జ. రోజు, బజారు కూడా ఇట్లే ౙ పట్టినాయి. కన్నడంలో ఈ తేడా లేదు. అందుకే బళ్లారిలో కన్నడ బడిలో చదివినవాళ్లు 'జమ'ను మెత్తగా అంటే వింతేం లేదు.

సంస్కృతం నుంచి వచ్చిన 'జనం'కు ఈ సూత్రం తగల్లేదు, అది మెత్తగానే ఉంది. పుస్తకం తెచ్చిన మాటకూ, కచేరీలో, సంతలో నోటితో వచ్చిన మాటకూ ఇదే గుర్తు. నోటితో వచ్చి మన సూత్రానికి లొంగిన 'ౙమ'ను పరాయి పట్టీలో రాయడం న్యాయమా?