నిలువు ఫ్రేములో తరంగం

అడ్డంగా తీసిన కూచిపూడి తరంగాన్ని ఫోన్ కోసం నిలువుగా మలిచే ఎడిటర్ పనితనమంటే నాకెంతో ముచ్చట. 1920×1080 వీడియోలో ఎత్తంతా ఉంచుకుంటే చేతికి దక్కే వెడల్పు 608 పిక్సెళ్లే. వేదికలో మూడింట రెండు వంతులకు పైగా పోతుంది. ఆ ముక్కను 1080కి సాగదీస్తే బొమ్మ మసకబారుతుంది. అందుకే 4కె ఫుటేజీ ఉందా అని ముందే అడుగుతాడు. అందులో 1215 దొరుకుతాయి.

అసలు నేర్పు కీఫ్రేముల్లో ఉంది. ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి నర్తకి జరుగుతూ చేతులు చాస్తుంది. ఆ చేతుల వెంట పడితే ఫ్రేమంతా ఊగుతుంది. వెనకున్న తెర అటూ ఇటూ కదిలితే ఆ సంగతి ఇట్టే తెలిసిపోతుంది. మంచి ఎడిటర్ ఆమె నడుమును నమ్ముకుంటాడు. కదలడం మొదలైన చోట ఒక కీఫ్రేము, ఆగిన చోట మరొకటి, మధ్యలో మెల్లగా మొదలై మెల్లగా ఆగే జరుగుడు. చిన్న ఊగులాటల్ని అలాగే వదిలేస్తాడు, అదే అందం! రెండు చేతులూ బార్లా చాపినప్పుడు మాత్రం వేళ్లు తెగకుండా వెడల్పు పెంచి, పైనా కిందా మసక నేపథ్యం నింపుతాడు. పక్కన కూర్చున్న నట్టువాంగం గురువును మాత్రం వదులుకోక తప్పదు.