ఇరవై శాతం దగ్గర ఒక మ్యాచ్

అరకు చుట్టుపక్కల ఊళ్లలో బ్యాటరీ సేవర్ ఆన్ చేసుకుని బీజీఎంఐ ఆడే కుర్రాళ్లు చాలామంది కనిపిస్తారు. కారణం తెలిసిందే. వానాకాలంలో లైను మీద చెట్టు పడిందంటే కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేం. ఉన్న ఛార్జింగ్ రాత్రి దాకా రావాలి. ఫోన్ ఇంట్లో ఒకరిది కాదు, అందరిదీ. అందుకని పొద్దున్నే సేవర్ నొక్కేసి ఇక దాని సంగతే మరిచిపోతారు. సాయంత్రం ఆట తెరిచాక ఫోన్ ముసలిదైపోయిందనో, కొత్త అప్‌డేట్ పాడుచేసిందనో తిట్టుకుంటారు.

మా మేనల్లుడిదీ అదే గోల. "ఏటి మావయ్యా, తుపాకీ తిప్పుతుంటే బొమ్మ ఆగి ఆగి తిరుగుతోంది, ఫోన్ మార్చాలేమో" అన్నాడు. ఫోన్ కొని ఏడాది కూడా కాలేదు. చేతిలోకి తీసుకుని పైనుంచి కిందికి లాగి చూస్తే పవర్ సేవింగ్ గుర్తు వెలుగుతోంది. "ఇది ఎప్పుడు పెట్టావురా?" అంటే గుర్తు లేదన్నాడు. ఇరవై శాతానికి దిగగానే దానంతట అదే ఆన్ అయ్యేలా ఎప్పుడో పెట్టుకున్నాడు, అంతే.

ఆండ్రాయిడ్‌లో ఈ సదుపాయం 2014లో వచ్చిన 5.0 వెర్షన్ నుంచీ ఉంది. దాన్ని ప్రధానంగా జేబులో ఊరికే ఉన్న ఫోన్‌ను దృష్టిలో పెట్టుకుని చేశారు. మనం చూడని యాప్‌లు వెనకాల నెట్ వాడకుండా ఆపుతుంది, తెర ఆరి ఉన్నప్పుడు లొకేషన్ వెతకడం తగ్గిస్తుంది, మెయిళ్లూ ఫొటోలూ వచ్చిపోవడాన్ని వాయిదా వేస్తుంది. ఇవన్నీ చిన్న చిన్న ఖర్చులు. రోజంతా కలిపితే పెద్దవవుతాయి, అరగంట ఆటలో లెక్కకు రావు. ఆట నడుస్తున్నప్పుడు బ్యాటరీని తినేది ఆటే. దాని దగ్గర సేవర్ తగ్గించగలిగినవి ముఖ్యంగా మూడు: ప్రాసెసర్ వేగం, తెర సెకనుకు ఎన్నిసార్లు మారాలన్నది, తెర వెలుగు. 90, 120 హెర్ట్‌జ్ తెర ఉన్న ఫోన్లు చాలావరకు సేవర్‌లో 60కి దిగిపోతాయి. ప్రాసెసర్ విషయంలో ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. కొన్ని శాంసంగ్ ఫోన్లలో పవర్ సేవింగ్ లోపలికి వెళితే Limit CPU speed to 70% అని విడిగా ఒక మీట కనిపిస్తుంది. దాన్ని ఆపేసి మిగతావి ఉంచుకోవచ్చు. చాలా ఫోన్లలో ఆ మీట బయటికి కనపడదు, పని మాత్రం లోపల జరిగిపోతుంది.

ఈ డెబ్బై శాతం ఆటను ఏం చేస్తుందో మేనల్లుడి ఫోన్ లాంటి 60 హెర్ట్‌జ్ తెర మీద లెక్క వేసి చూద్దాం. ఆ తెర ప్రతి 16.7 మిల్లీసెకన్లకు ఒక కొత్త బొమ్మ అడుగుతుంది. పూర్తి వేగంలో ఒక బొమ్మ తయారు చేయడానికి ఫోన్‌కు 14 మిల్లీసెకన్లు పడుతోందనుకుందాం. టైముకు అందుతోంది, ఆట సాఫీగా సాగుతోంది. వేగం డెబ్బై శాతానికి తగ్గగానే అదే బొమ్మకు 20 మిల్లీసెకన్లు పడుతుంది. ఇక్కడుంది చిక్కు. తెర ఆగి ఎదురుచూడదు. అరకు కాంప్లెక్స్‌లో విశాఖ బస్సు రెండు నిమిషాల తేడాతో తప్పిపోతే తర్వాతి బస్సు దాకా కూర్చోవాల్సిందే కదా, ఆలస్యమైన బొమ్మ పరిస్థితీ అంతే. తెర మీద పాత బొమ్మే ఇంకోసారి కనిపిస్తుంది, కొత్తది తర్వాతి విడతలో వస్తుంది. సగటు తీస్తే సెకనుకు 50 బొమ్మలు వస్తున్నట్టే, వినడానికి తక్కువేం కాదు. కానీ అవి సమంగా రావు. నాలుగు చకచకా మారి, ఐదోది రెట్టింపు సేపు నిలబడిపోతుంది. గురి పెట్టి తిప్పుతున్నప్పుడు కంటికీ వేలికీ తగిలే ఆ కుదుపు దీనిదే.

అదే ఫోన్‌లో లూడో ఆడితే? ఒక బొమ్మకు 6 మిల్లీసెకన్లు పడుతోందనుకోండి. సేవర్‌లో అది 8 చిల్లర అవుతుంది. 16.7కు ఇంకా బోలెడు దూరం, తేడా ఎవరికీ తెలియదు. అందుకే లూడో, క్యారమ్స్, చదరంగం, పదాల ఆటలు ఆడేవాళ్లు సేవర్ తీయనక్కర్లేదు. ఒకే సేవర్ ఒక ఆటను కుంటిదాన్ని చేసి ఇంకో ఆటను ముట్టుకోకపోవడానికి కారణం ఆ కొద్ది మిల్లీసెకన్ల మిగులే.

నిజానికి లెక్క ఇంత సూటిగా ఉండదు. బొమ్మ గీసే పనిలో కొంత భాగం గ్రాఫిక్స్ చిప్‌ది, కొంత మెమరీది, అవన్నీ అదే పాళ్లలో తగ్గవు. కాబట్టి మీ ఫోన్‌లో మీరే చూసుకోవాలి. బీజీఎంఐలో ట్రైనింగ్ గ్రౌండ్‌కు వెళ్లి, ఒకే చోట నిలబడి, కెమెరాను ఒకే వేగంతో గుండ్రంగా తిప్పండి. సేవర్‌తో ఒకసారి, తీసేసి ఒకసారి. దూరంగా ఉన్న గోడ అంచును చూస్తూ తిప్పితే తేడా అక్కడే దొరుకుతుంది.

సేవర్ ఉంచుకుని ఆడాల్సిందే అన్నప్పుడు నేను చెప్పే మార్గం వేరు. ఆట సెట్టింగ్స్‌లో గ్రాఫిక్స్ Smooth పెట్టి, ఫ్రేమ్ రేట్‌ను Extreme నుంచి High కి దించండి. అంటే అరవై నుంచి ముప్పైకి. ఇప్పుడు ఒక్కో బొమ్మకు 33.3 మిల్లీసెకన్ల గడువు ఉంటుంది, ఇరవైలో తయారైపోతుంది, ప్రతి బొమ్మా సరిగ్గా రెండు విడతలు నిలుస్తుంది. ఎగుడుదిగుడుగా వచ్చే యాభై కన్నా సమంగా వచ్చే ముప్పై మీద గురి బాగా కుదురుతుంది. మధ్యలో ఉన్న Ultra, అంటే నలభై, 60 హెర్ట్‌జ్ తెర మీద సమంగా పడదు. మేనల్లుడు మొదట నమ్మలేదు. ముప్పై అంటే తక్కువ కదా అన్నాడు. ఒక గేమ్ ఆడి చూశాక మళ్లీ అడగలేదు.

ఇక ఛార్జింగ్ సంగతి. 5,000 ఎంఏహెచ్ బ్యాటరీలో ఇంచుమించు 19 వాట్-అవర్ల శక్తి ఉంటుంది. బరువైన ఆట, తెర, నెట్ అన్నీ కలిపి 4 వాట్లు లాగుతున్నాయనుకుంటే ఎరాంగెల్ మ్యాపులో అరగంట మ్యాచ్‌కు 2 వాట్-అవర్లు, అంటే పది పదకొండు శాతం. సేవర్‌తో అది 3 వాట్లకు దిగిందనుకున్నా ఎనిమిది శాతం పోతుంది. మొత్తం మ్యాచ్ కుదుపులతో ఆడి మిగిల్చుకున్నది రెండు మూడు శాతం! ఇరవై శాతం దగ్గర కూడా ఒక మ్యాచ్‌కు సేవర్ తీసేసి, అయిపోగానే మళ్లీ పెట్టేస్తే ఫోన్ బతికే ఉంటుంది. రాత్రంతా ఊరికే పడి ఉన్నప్పుడు సేవర్ ఆదా చేసేదే అసలు ఆదా. శాతం చూసి దానంతట అదే ఆన్ అయ్యే పద్ధతి ఆటగాడికి పనికిరాదని నేననేది ఇందుకే. ఆ ఆటో సెట్టింగ్‌ను పది శాతానికి దించుకుని, పైనుంచి లాగితే కనిపించే మీటను చేత్తోనే నొక్కుకోవడం నయం.

సేవర్ తీసినా కుదుపు పోలేదంటే తప్పు నెట్‌ది కావచ్చు, మా కొండల్లో తరచూ అదే. గుర్తు పట్టడం తేలిక. కెమెరా తిప్పితే గోడలూ చెట్లూ సాఫీగానే తిరుగుతూ, ఎదుటి ఆటగాళ్లు మాత్రం ఇక్కడ మాయమై అక్కడ తేలుతుంటే అది సిగ్నల్. అన్నీ కలిసి ఆగి ఆగి కదిలితే అది ఫోన్. విశాఖ నుంచి కిరండూల్ రైల్లో వచ్చేటప్పుడు ఇది బాగా తెలుస్తుంది. బైలడిల్లా ఇనుప ఖనిజం కోసం 1960లలో వేసిన ఈ లైనులో 58 సొరంగాలున్నాయి. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కాక త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహల మధ్య సొరంగం మీద సొరంగం వస్తూనే ఉంటుంది. లోపలికి వెళ్లగానే సిగ్నల్ పోతుంది, బయటికి రాగానే ఫోన్ టవర్‌ను వెతుక్కోవడం మొదలుపెడుతుంది, దొరికేలోపు ఇంకో సొరంగం. టవర్ దూరమైనకొద్దీ ఫోన్ గట్టిగా అరవాలి, ఆ అరుపుకు అయ్యే ఖర్చును సేవర్ తగ్గించలేదు. ఆ దారిలో ఆన్‌లైన్ మ్యాచ్ మొదలుపెట్టకపోవడమే మంచిది. నెట్ అక్కర్లేని ఆట పెట్టుకుని ఫ్లైట్ మోడ్ వేస్తే సేవర్ కన్నా ఎక్కువ మిగులుతుంది.

ఇంకో రకం ఫిర్యాదు ఉంది. మ్యాచ్ మధ్యలో అమ్మ ఫోన్ చేస్తే మాట్లాడి తిరిగొచ్చేసరికి ఆట మళ్లీ కనెక్ట్ అవుతూ ఉంటుంది. కాల్ తెర ముందుకు రాగానే ఆట వెనక్కి వెళ్లింది, వెనకున్న యాప్‌కు సేవర్ నెట్ కోసేసింది. ఆ ఆట యాప్ ఇన్ఫోలో బ్యాటరీ దగ్గర Unrestricted ఎంచుకుంటే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. దానివల్ల ప్రాసెసర్ వేగం తిరిగొస్తుందని మాత్రం ఆశించకండి, అది సేవర్ తీస్తేనే వస్తుంది.

సేవర్ తీయొద్దని నేను గట్టిగా చెప్పేది ఒక్క సందర్భంలోనే. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో అరకులో, ఇంకా ఎక్కువగా లంబసింగిలో, చలికి ఫోన్ మంచుగడ్డలా ఉంటుంది. చల్లబడిన లిథియం బ్యాటరీ లోపలి నిరోధం పెరుగుతుంది. ఆట ఒక్కసారిగా కరెంటు అడిగినప్పుడు వోల్టేజీ కిందికి జారిపోతుంది. రెండు మూడేళ్లు వాడిన బ్యాటరీ అయితే పద్దెనిమిది శాతం చూపిస్తూనే ఫోన్ టపీమని ఆరిపోతుంది. ఎండ వచ్చాక ఆన్ చేస్తే మళ్లీ పదిహేను శాతం చూపిస్తుంది. ఛార్జ్ నిజంగా అయిపోయి ఉంటే ఆ పదిహేను ఎక్కడినుంచి వస్తుంది? ఇదే గుర్తు. పాత ఐఫోన్లు ఇలా ఆరిపోకుండా ఆపిల్ 2017లో అప్‌డేట్‌తో వాటి వేగం తగ్గించింది, ఆ సంగతి ఆ ఏడాది చివర బయటపడి పెద్ద గొడవైంది. సేవర్ ప్రాసెసర్‌ను పట్టి ఉంచినప్పుడు ఆ ఒక్కసారి అడిగే కరెంటు కూడా తగ్గుతుంది కాబట్టి, అలాంటి ఫోన్‌కు చలిలో దాన్ని ఆన్‌లోనే ఉంచాలి. ఆటను ముప్పైకి దించి, ముందు కాసేపు ఫోన్‌ను చొక్కా లోపలి జేబులో వెచ్చబడనివ్వాలి. మధ్యాహ్నపు ఎండలో కూడా అదే శాతం దగ్గర ఆరిపోతోందంటే సెట్టింగ్స్‌లో వెతకడం మానేసి బ్యాటరీ మార్పించండి.