పది గుర్తుల పంక్తి

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత వచ్చే పాథాలజీ రిపోర్టు మూడు నాలుగు పేజీలుంటుంది. ఇంట్లోవాళ్లు దాన్ని తిరగేసి మరగేసి, తెలిసిన మాట ఒక్కటైనా దొరుకుతుందేమోనని వెతుకుతారు. ఒకచోట "గ్రేడ్ 3" అని కనిపిస్తుంది. "మూడో స్టేజీ అంట" అన్న మాట సాయంత్రానికల్లా బంధువులందరి ఫోన్లకూ చేరిపోతుంది. స్టేజీ సంగతి చెప్పే పంక్తి అదే ఫైల్లో మరోచోట, ఎవరి కంటా పడకుండా ఉంటుంది:

`pT2 pN1a cM0`

మొత్తం పది గుర్తులు. అర్థం తెలిసి చదివితే ఇంత పొదుపుగా, ఇంత నిజాయితీగా రాసిన వాక్యం వైద్యంలో అరుదు. దీన్ని విప్పి చూడటానికి యాభై ఏళ్లు దాటిన ఒకావిడ కేసును ఊహించుకుందాం. గడ్డ 22 మిల్లీమీటర్లు. చంకలోంచి తీసిన లింఫు గ్రంథులు 14, వాటిలో క్యాన్సర్ చేరినవి రెండు. స్కాన్‌లో మరెక్కడా జాడ లేదు. గ్రేడ్ 3.

ఈ లిపికి మూలం ఫ్రెంచి సర్జన్ పియర్ దెన్వా. 1943 నుంచి 1952 వరకు ఆయన దీన్ని రూపొందించాడు. "తొలిదశ", "ముదిరిన దశ" లాంటి మాటలు ఒక్కో డాక్టరు నోట ఒక్కో అర్థంలో పలుకుతాయి. దెన్వా వాటిని పక్కన పెట్టి మూడు ప్రశ్నలు వేశాడు. పుట్టిన చోట గడ్డ ఎంత ఉంది? అది T. దగ్గరి లింఫు గ్రంథుల్లోకి పాకిందా? అది N. దూరపు అవయవాలకు చేరిందా? అది M. మూడు జవాబులనూ కలిపేయకుండా దేనికదిగా ఉంచడమే ఇందులోని పనితనం. కలిపి ఒకే అంకె వేస్తే ఆ అంకెలోంచి అసలు సంగతుల్ని మళ్లీ వెనక్కి తీయలేం. విడిగా ఉంచితే రేపు లెక్క మారినా కొలత చెడదు. అంతర్జాతీయ క్యాన్సర్ సంఘం 1968లో దీన్ని చిన్న పుస్తకంగా అచ్చువేసింది. 2017 నాటికి అది ఎనిమిదో కూర్పుకు వచ్చింది. హద్దులు ఎన్నోసార్లు జరిగాయి గానీ ఆ మూడక్షరాలు మాత్రం అలాగే ఉన్నాయి.

ఇప్పుడు T దగ్గరికి వద్దాం. రొమ్ములో 20 మిల్లీమీటర్ల దాకా T1, అది దాటి 50 దాకా T2, ఆపైన T3. ఛాతీ గోడలోకి చొచ్చుకుపోయినా, చర్మం పుండుపడినా పరిమాణంతో పనిలేకుండా T4. వినడానికి స్కేలు పెట్టి కొలిస్తే సరిపోతుందనిపిస్తుంది. కానీ ఏది కొలవాలన్నది తెలియాలి. పాల నాళాల గోడ దాటి బయటికి చొరబడిన భాగాన్నే కొలవాలి. నాళాల లోపలే ఉండిపోయిన క్యాన్సర్ చుట్టూ ఎంత పరుచుకుని ఉన్నా లెక్కలోకి రాదు. రెండు గడ్డలుంటే పెద్దదాని కొలతే రాస్తారు, రెండూ కూడరు. అందుకే చేతికి నాలుగు సెంటీమీటర్లు తగిలిన గడ్డ, మైక్రోస్కోపు కింద చూశాక 22 మిల్లీమీటర్లని తేలవచ్చు.

ముందున్న చిన్న p అక్షరం చెప్పేది అదే: ఈ సంగతి గడ్డను కోసి, కణాల్ని చూసి తెలుసుకున్నది. చేత్తో తడిమి, స్కాన్ చూసి అంచనా కట్టినదైతే c అని ఉండేది. ఆపరేషన్‌కు ముందే కీమో ఇచ్చి ఉంటే yp అని ఉంటుంది. అప్పుడు గడ్డ మందుకు కరిగాక మిగిలిన కొలత అది. మొదట్లో ఎంత ఉండేదో దాన్నిబట్టి చెప్పలేం. "ఎంత" అన్నదాని పక్కనే "ఎలా తెలిసింది" అన్నదీ రాసిపెట్టే పద్ధతి ఇది.

N దగ్గర పని ఇంకా సూక్ష్మం. చంకలోంచి తీసిన కొవ్వు ముద్దను వేళ్లతో నలుపుతూ, చిక్కుడు గింజంత గ్రంథుల్ని ఒక్కొక్కటిగా ఏరాలి. ఏరిన ప్రతి గ్రంథినీ 2 మిల్లీమీటర్ల మందంతో బిళ్లలుగా కోస్తారు. అదే కొలత ఎందుకంటే, గ్రంథిలోని క్యాన్సర్ మచ్చ 2 మిల్లీమీటర్లు దాటితేనే అది పూర్తిస్థాయి వ్యాప్తి. అంతకంటే పెద్ద మచ్చ రెండు కోతల మధ్య దాక్కోవడానికి చోటుండదు. కోత మందాన్నీ హద్దునీ ఇలా ఒకదానికొకటి అమర్చారు. 0.2 మిల్లీమీటర్లు దాటి 2 దాకా ఉన్నదాన్ని సూక్ష్మ వ్యాప్తిగా విడిగా రాస్తారు. అంతకన్నా చిన్న కణాల గుంపు కనిపిస్తే దాన్ని నమోదు చేస్తారు గానీ, గ్రంథికి క్యాన్సర్ సోకినట్టు లెక్కించరు. ఒకటి నుంచి మూడు గ్రంథుల్లో ఉంటే pN1a. నాలుగు నుంచి తొమ్మిదైతే N2, పదీ ఆపైనైతే N3.

రిపోర్టులో ఈ లెక్క 2/14 అని ఉంటుంది. కింది అంకెను కూడా చదవాలి. చంక మొత్తం శుభ్రం చేసిన ఆపరేషన్‌లో 0/14 ఇచ్చే ధీమా 0/3 ఇవ్వదు. మూడే దొరికాయంటే మిగతావి ఏరలేదేమో. కానీ రంగు ఎక్కించి, క్యాన్సర్ మొదట చేరే గ్రంథుల్ని వెతికి పట్టి తీసిన చోట 0/2 అయినా నమ్మదగ్గ మాటే.

మూడో ముక్క cM0. పాథాలజిస్టు దీన్ని రాయలేడు, క్యాన్సర్ డాక్టరు రాస్తాడు. పంక్తి అంతటా గర్వంగా నిలబడ్డ p ఇక్కడ c అయింది. pM0 అనేది ఈ లిపిలో అసలు లేదు. ఒంట్లో ఎక్కడా క్యాన్సర్ కణం లేదని నిరూపించాలంటే ఒళ్లంతా కోసి చూడాలి, బతికున్న మనిషికి అది చేయలేం. అందుకని "వెతికినంతలో కనిపించలేదు" అనే వరకే అనుమతి. కాలేయంలో మచ్చ నుంచి ముక్క తీసి, క్యాన్సరేనని తేలితే మాత్రం pM1 అని రాయొచ్చు. ఉందని రుజువు చేయొచ్చు, లేదని చేయలేం. ఈ తర్కాన్ని ఒక్క చిన్న అక్షరంలో ఇమిడ్చారు.

గ్రేడ్ సంగతి పూర్తిగా వేరు. స్టేజీ క్యాన్సర్ ఎంత దూరం వెళ్లిందో చెబుతుంది, గ్రేడ్ దాని స్వభావం చెబుతుంది. పదో వంతు సెంటీమీటరు గడ్డకీ గ్రేడ్ 3 ఉండొచ్చు, ఎముకలకు పాకినదానికీ గ్రేడ్ 1 ఉండొచ్చు. బ్లూమ్, రిచర్డ్‌సన్ 1957లో వేసిన పద్ధతిని 1991లో నాటింగ్‌హామ్‌లో ఎల్‌స్టన్, ఎలిస్ సరిదిద్దారు. మన దగ్గర రిపోర్టుల్లో "మాడిఫైడ్ బ్లూమ్ రిచర్డ్‌సన్" అని కనిపించేది ఇదే. మూడు పరీక్షలు, ఒక్కోదానికి ఒకటి నుంచి మూడు మార్కులు. మార్కులు పెరిగితే చెడు.

మొదటిది: మామూలు రొమ్ము కణాల్లా ఈ కణాలు గొట్టాలు కడుతున్నాయా? మన కేసులో పదో వంతు కూడా కట్టడం లేదు, కాబట్టి 3. రెండోది: కణ కేంద్రకాలు ఒక తీరుగా ఉన్నాయా? ఇక్కడ చిన్నా పెద్దా కలగలిసి, వంకరటింకరగా ఉన్నాయి, 3. మూడోది: విభజన చెందుతున్న కణాలెన్ని? ఎక్కువ శక్తిగల కటకంతో పది క్షేత్రాలు చూసి లెక్కిస్తే 8 దొరికాయి, 2. మొత్తం 8. మూడు నుంచి ఐదు వరకు గ్రేడ్ 1, ఆరు ఏడు గ్రేడ్ 2, ఎనిమిది తొమ్మిది గ్రేడ్ 3.

పనివాడి చేయి తెలిసేది ఆ మూడో పరీక్షలో. మైక్రోస్కోపులన్నిటి క్షేత్రం ఒకే వెడల్పుండదు. వెడల్పు 0.5 మిల్లీమీటర్లయితే 8 విభజనలకు 2 మార్కులు. అదే 0.59 ఉన్న మైక్రోస్కోపులో పెద్ద కిటికీలోంచి 8 మాత్రమే కనిపించాయంటే 1 మార్కే. తన మైక్రోస్కోపుకు చెందని పట్టిక వాడితే ఈ కేసు 7కు దిగి గ్రేడ్ 2 అయిపోతుంది. అంతకన్నా పెద్ద తప్పు మైక్రోస్కోపు దాకా రాకముందే జరుగుతుంది. థియేటరులో తీసిన రొమ్మును కోయకుండా అలాగే ఫార్మలిన్ డబ్బాలో వేసి వదిలేస్తే, మందు నడిమధ్యకు చేరేలోపు కణాలు చెడిపోతాయి. విభజనలు గుర్తుపట్టలేనంతగా మసకబారతాయి. గ్రేడ్ ఉత్తినే తగ్గినట్టు కనిపిస్తుంది. ముందూవెనకా ఆలోచించే పాథాలజిస్టు అలాంటి ముక్క చూడగానే "ఫిక్సేషన్ సరిగా లేదు" అని రిపోర్టులోనే రాస్తాడు.

ఇప్పుడు రెంటినీ కలిపి "ముందేమవుతుంది?" అన్న ప్రశ్నకు వద్దాం. T2 N1 M0 కలిస్తే శరీర నిర్మాణం ప్రకారం స్టేజీ IIB, అంటే రెండో స్టేజీ. బంధువులకు చేరిన మూడో స్టేజీ కాదు. అలాగని గ్రేడ్ 3ని తోసిపుచ్చలేం. దీన్ని కూడా లెక్కలోకి తెచ్చిన అందమైన సూత్రం ఒకటి 1982లో నాటింగ్‌హామ్‌లోనే పుట్టింది. గడ్డ సెంటీమీటర్లను 0.2తో గుణించి, దానికి గ్రంథుల మార్కు, గ్రేడు కలపడమే. గ్రంథుల్లో ఏమీ లేకపోతే 1, ఒకటి నుంచి మూడైతే 2, నాలుగూ ఆపైనైతే 3. మన కేసులో:

`0.2 × 2.2 + 2 + 3 = 5.44`

3.4 దాకా మంచి గుంపు, 5.4 దాకా మధ్యస్థం, ఆపైన ప్రతికూలం. ఈవిడ 0.04 తేడాతో ప్రతికూలంలో పడింది. అదే గడ్డ 20 మిల్లీమీటర్లుంటే లెక్క 5.40, మధ్యస్థం. పైగా T2 కాస్తా T1 అయి స్టేజీ IIB నుంచి IIAకి వచ్చేది. రెండు మిల్లీమీటర్లకు రెండు మెట్లు. కొన్ని వేలమంది కేసుల్ని వరసగా నిలబెట్టి, మధ్యలో మనుషులు గీసిన గీతలివి. గీతకు అటూ ఇటూ ఆనుకుని నిల్చున్న ఇద్దరి మధ్య ఒంట్లో అంత తేడా ఉండదు. పైగా ఆ సూత్రం నాటికి హెర్2 అనే ప్రోటీన్‌ను అడ్డుకునే మందు రాలేదు. అందుకే ఎనిమిదో కూర్పు వచ్చాక అమెరికా పద్ధతిలో ఈఆర్, పీఆర్ అనే హార్మోను గ్రాహకాలు, హెర్2, గ్రేడ్ కలిపి ఇంకో స్టేజీ కూడా వేస్తున్నారు. అవే పది గుర్తులున్న ఇద్దరిలో హార్మోను మందుకు లొంగే గడ్డ ఉన్నావిడ కింది మెట్టులోకి, ఈఆర్, పీఆర్, హెర్2 మూడూ నెగెటివ్ అయినావిడ పై మెట్టులోకి వెళ్లవచ్చు.

స్టేజీల వారీ బతుకు శాతాల్ని చదివేటప్పుడు ఇంకో చిక్కుంది. ఒక బడిలో ఎ సెక్షన్ మార్కులు 90, 80, 50. బి సెక్షన్‌వి 30, 20 అనుకోండి. 50 వచ్చిన పిల్లవాణ్ణి బి సెక్షన్‌కు మార్చండి. ఎ సగటు 73 నుంచి 85కి, బి సగటు 25 నుంచి 33కి పెరిగింది. ఎవరికీ ఒక్క మార్కూ పెరగలేదు. మెరుగైన స్కాన్లు వచ్చినప్పుడు అచ్చం ఇదే జరుగుతుంది. రెండో స్టేజీ అనుకున్నవాళ్లలో పాకినది బయటపడినవారు నాలుగో స్టేజీకి వెళతారు, రెండు గుంపుల లెక్కలూ బాగుపడతాయి. ఫైన్‌స్టీన్, సహచరులు 1985లో దీన్ని చూపించి, ఇలాంటి జోకు వేసిన అమెరికన్ హాస్యగాడు విల్ రోజర్స్ పేరు పెట్టారు. పాత పుస్తకంలోని శాతాన్ని నేటి రిపోర్టుకు అతికించకూడదనేది ఇందుకే.

ఇంతకీ నాకు ఆ పంక్తిలో అన్నిటికంటే నచ్చేది దాని వెనకున్న 22. స్కేలు మీద 20 అని రాసుంటే ఆవిడ స్టేజీ తగ్గేది, సూత్రంలో గుంపు మారేది, ఇంట్లోవాళ్లకు ఊరట దక్కేది. గాజుపలక కింద ఇంకో రెండు మిల్లీమీటర్లు కనిపించాయి కాబట్టి ఆ పాథాలజిస్టు 22 అనే రాశాడు.