రోజుకు తొమ్మిది సరుకుల లెక్క

విజయవాడ–మచిలీపట్నం రహదారి మీది కంకిపాడు లాంటి డెల్టా ఊళ్లలో ఎరువులు, పురుగుమందుల గోదాములో నిల్వ లెక్క తప్పేది ఎక్కువగా చేతులు మారే సరుకులోనే. బస్తా కదిలిన ప్రతిసారీ పొరపాటుకు ఒక అవకాశం. అందుకే అనుభవమున్న స్టోర్ కీపర్ ఏడాదికొకసారి గోదాము మూసి అన్నీ లెక్కించడు. రోజూ కొన్ని చొప్పున చూస్తాడు.

ఉదాహరణకు గోదాములో 1,000 రకాలున్నాయనుకుంటే, ఎక్కువసార్లు కదిలే 100 రకాలను నెలకోసారి, మధ్యరకం 200ను మూడు నెలలకోసారి, మిగతా 700ను ఏడాదికోసారి లెక్కించాలి. అంటే ఏడాదికి 1,200, 800, 700 కలిపి 2,700 లెక్కలు. 300 పనిదినాలకు పంచితే రోజుకు తొమ్మిదే.

లెక్క ఉదయం లోడింగ్ మొదలుకాక ముందే జరగాలి. ముందురోజు బిల్లులన్నీ అప్పటికే ఎక్కి ఉండాలి. లెక్కించేవాడికి పుస్తకంలోని అంకె చూపకూడదు. చూపితే కన్ను ఆ అంకెకే సర్దుకుంటుంది. తేడా వస్తే మరొకరు మళ్లీ లెక్కిస్తారు. ఒక రకంలో ఐదు తగ్గి, పక్క రకంలో ఐదు పెరిగితే అది చాలావరకు దొంగతనం కాదు, బిల్లులో పేరు మారి ఉంటుంది. కారణం తెలియకుండా అంకె దిద్దితే అదే తప్పు మళ్లీ వస్తుంది.

ఏ రకాన్ని ఎన్నాళ్లకోసారి లెక్కించాలన్న జాబితా శాశ్వతం కాదు. కాలువలకు నీళ్లొచ్చి నాట్లు మొదలైతే యూరియా పరుగెడుతుంది. వరి కోతల నాటికి నెమ్మదిస్తుంది. పంట మారినప్పుడల్లా వరుస మార్చడంలోనే స్టోర్ కీపర్ నేర్పు తెలుస్తుంది.