సున్నా చుక్కగా మారే చోట

అరబిక్‌లో పాఠాలు చెప్పే చోట రసాయనశాస్త్రం చదువుతున్న తెలుగు విద్యార్థి ల్యాబ్‌లో చేసిన ప్రయోగాన్ని తెలుగులో రాసుకుంటాడు. చేతులు తడిగా ఉన్నప్పుడు, బ్యూరెట్ మీద కన్ను నిలిపినప్పుడు మనసులో మెదిలేది సొంత భాషే. తర్వాత ఆ నోట్సును అరబిక్‌లోకి మార్చి, ఒకసారి చూసి పెట్టమని లెక్చరర్‌కు ఉత్తరం రాస్తాడు. సాధారణంగా ఆ ఉత్తరంలో ఉండేది ఒక్కటే కోరిక: "నా అనువాదంలో తప్పులుంటే దిద్దగలరు." వినయంగానే ఉంది కానీ, లెక్చరర్ చేయలేని పనిని అది అడుగుతోంది. ఆయనకు తెలుగు రాదు. ఆయన ముందున్నది అరబిక్ ప్రతి మాత్రమే. ఆ అరబిక్ బాగుందో లేదో ఆయన చెప్పగలరు గానీ, ల్యాబ్‌లో జరిగింది అదేనా కాదా అన్నది చెప్పలేరు. అందుకే ఉత్తరం భాషను దిద్దమని కాకుండా, ఈ కాగితం చూసి ప్రయోగాన్ని మళ్లీ చేయవచ్చా, లెక్క మళ్లీ కట్టవచ్చా అని అడగాలంటాను. అలా అడగాలంటే ఆ పనికి కావలసిన సరుకు కూడా ఉత్తరంతో పాటే వెళ్లాలి.

ఒక మామూలు ప్రయోగం తీసుకుందాం. సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం గాఢత కనుక్కోవాలి. పిపెట్‌తో 0.05 మోలార్ ఆక్సాలిక్ ఆమ్లం 10 మి.లీ. తీసుకుని, రెండు చుక్కల ఫినాఫ్తలీన్ వేసి, లేత గులాబీ రంగు వచ్చి నిలిచేదాకా బ్యూరెట్ నుంచి క్షారాన్ని వదులుతారు. తెలుగు నోట్సులో మొదటి రీడింగు 0.0, చివరి రీడింగు 10.5 అని ఉంది. అంటే 10.5 మి.లీ. క్షారం ఖర్చయింది. ఒక ఆక్సాలిక్ ఆమ్లం అణువుకు రెండు సోడియం హైడ్రాక్సైడ్‌లు కావాలి కనుక గాఢత 0.0952 మోలార్ వస్తుంది. ఇప్పుడు దీన్ని అరబిక్ అంకెల్లో రాయాలి. ఈజిప్టు, సిరియా, ఇరాక్, గల్ఫ్ దేశాల్లో వాడుకలో ఉన్న ఆ అంకెల్లో సున్నా అంటే చిన్న చుక్క, అయిదు అంటే గుండ్రటి సున్న. తెలుగు చేతికి సున్నా ఎప్పుడూ గుండ్రంగానే వస్తుంది. అలవాటు కొద్దీ విద్యార్థి రీడింగుల్లోని సున్నాలను గుండ్రంగా చుట్టాడనుకుందాం. అతను 0.0 అని రాసింది లెక్చరర్ కంటికి 5.5గా కనిపిస్తుంది. 10.5 అని రాసింది 15.5 అవుతుంది. తీసివేస్తే 10.0 మి.లీ. గాఢత సరిగ్గా 0.1 మోలార్.

ఇక్కడే ఆగి ఆలోచించాలి. తప్పుగా చదివితే వచ్చిన జవాబు అసలు జవాబు కంటే అందంగా ఉంది. తయారు చేయదలచిన ద్రావణం 0.1 మోలార్ అయితే, లెక్చరర్‌కు సందేహం రావడానికి కారణమే లేదు. నిజానికి సోడియం హైడ్రాక్సైడ్ గాలిలోని తేమనూ కార్బన్ డయాక్సైడ్‌నూ పీల్చుకుంటుంది కనుక, తూకం వేసినంత మాత్రాన దాని గాఢత కచ్చితంగా ఉండదు. టైట్రేషన్ చేసేదే అందుకు. 0.0952 అన్నది ఆ రోజు ఆ సీసాలో ఉన్న నిజం. ఆ నిజం మూడు గుండ్రటి గీతల్లో పోయింది, అరబిక్ వాక్యాల్లో మాత్రం ఒక్క తప్పూ లేదు. దీన్ని పట్టుకునే దారి చాలా చిన్నది. రెండు రీడింగులతో పాటు తేడాను కూడా మూడో వరుసలో రాయాలి. గుండ్రటి సున్నా అలవాటు అక్కడా పని చేస్తుంది కనుక ఆ 10.5 కూడా 15.5గానే కనిపిస్తుంది. కానీ 15.5లోంచి 5.5 పోతే 15.5 రాదు. లెక్చరర్ కలం అక్కడ ఆగుతుంది. తెలుగు రాని మనిషికి అనువాదంలో జరిగిన పొరపాటు కనిపించేది ఇలాంటి చోటే, ఒక అంకె ఇంకో అంకెను కాదన్నప్పుడు. అందుకే నేను ముందుగా కోరేది, ఉత్తరంతో పాటు రీడింగుల పట్టిక మొత్తం, దాని పక్కనే అసలు నోట్సులోని పేజీ నకలు పంపాలని. తెలుగు వాక్యాలు చదవలేకపోయినా ఆ పేజీలోని 0.0, 10.5 ఆయన చదవగలరు.

ఆ అంకెలనే అరబిక్ ప్రతిలోనూ ఉంచేస్తే గొడవే ఉండదు కదా అనవచ్చు. ఆ మాటలో బలముంది. మొరాకో, అల్జీరియా, ట్యునీషియాల్లో వాడేవి మనకు తెలిసిన అంకెలే, మిగతా చోట్ల చదువుకున్నవారికీ అవి కొత్త కాదు. వీలున్న చోట అదే మంచిది. అయినా తనిఖీ అవసరం తీరదు, ఎందుకంటే పొరపాటు అంకెల్లోనే కాదు, క్రియల్లోనూ ఉంటుంది. "25 మి.లీ. క్షారానికి నీళ్లు పోసి 250 చేశాను" అని తెలుగులో రాసుకుంటే, ఫ్లాస్కు మెడ మీది గీత దాకా నింపానని అర్థం. 1 మోలార్ ద్రావణం అప్పుడు 0.1 మోలార్ అవుతుంది. దాన్ని అరబిక్‌లో "250 మి.లీ. నీళ్లు కలిపాను" అని మారిస్తే మొత్తం 275 మి.లీ. అవుతుంది, గాఢత 0.0909కి దిగుతుంది. అరబిక్ ల్యాబ్ భాషలో ఘనపరిమాణాన్ని పూర్తి చేయడం వేరు, అంత పరిమాణం చేర్చడం వేరు. రెండు వాక్యాలూ శుద్ధమైన అరబిక్కే, కనుక భాష చూసేవారికి రెండూ ఒప్పే. అలాగే "ముఆయరా" అన్న మాట. టైట్రేషన్‌కూ అదే, పరికరాన్ని ప్రమాణంతో సరిచూసే కాలిబ్రేషన్‌కూ అదే. బ్యూరెట్‌ను సరిచూశాడా, బ్యూరెట్‌తో టైట్రేషన్ చేశాడా అన్నది వెనకా ముందూ ఉన్న మాటలే చెప్పాలి.

కనుక ఉత్తరం ఇలా నడవాలి. "అల్ ఉస్తాద్ అల్ ఫాదిల్" అని అక్కడి మర్యాద ప్రకారం మొదలుపెట్టి, "ఇది నేను తెలుగులో రాసుకున్న నోట్సుకు అనువాదం. పట్టిక, అసలు పేజీ నకలు జతచేశాను. దయచేసి మూడు విషయాలు చూడండి. పట్టికలోని రీడింగులతో గాఢత మళ్లీ కడితే మీకెంత వస్తుంది? నాలుగో వాక్యం చదివితే నీళ్లు గీత దాకా పోసినట్టుందా, 250 మి.లీ. చేర్చినట్టుందా? ముఆయరా అన్న చోట మీకు ఏ పని అర్థమైంది? తేడా కనిపిస్తే అంకెను మార్చకుండా పక్కన గుర్తు పెట్టండి, నోట్సుతో పోల్చి నేను జవాబిస్తాను." నాలుగో వాక్యం సరిగ్గా ఉందా అని అడగడం లేదని గమనించాలి. సరిగ్గా ఉందా అంటే ఉంది అన్న జవాబు తేలిగ్గా వస్తుంది. ఏమర్థమైంది అంటే చదివి చెప్పక తప్పదు.

పెద్దాయనకు ఇన్ని షరతులా, ఇది గౌరవమేనా అని కొందరికి అనిపించవచ్చు. మర్యాద సంబోధనలో ఉండనే ఉంది, ఆయన సమయాన్ని కాపాడటం కూడా మర్యాదే. మూడు ప్రశ్నలకు జవాబివ్వడం పది పేజీలు దిద్దడం కంటే తక్కువ పని. అంకె మార్చవద్దన్న మాట ఇంకా ముఖ్యమైనది. అనుభవమున్న లెక్చరర్‌కు రావలసిన జవాబు ముందే తెలుసు. 0.0952 చూసి, కుర్రాడు పొరబడి ఉంటాడని దయతో 0.1 చేసే అవకాశముంది. ఆ దయ వల్ల నోట్సు ప్రయోగానికి సాక్ష్యం కాకుండా పోతుంది.

ఈ పద్ధతికీ హద్దుంది. మెనిస్కస్‌ను పై నుంచి చూసి చదివిన రీడింగును ఏ ఉత్తరమూ సరిదిద్దలేదు. తెలుగు పేజీలోనే 10.5 తప్పయితే, అరబిక్‌లోనూ అదే తప్పు నమ్మకంగా దిగుతుంది. లెక్చరర్ చూడగలిగింది కాగితం మీద ఉన్నదాన్నే. విద్యార్థి చేయగలిగింది, ఆ కాగితం మీద ఒక అంకె ఇంకో అంకెకు జవాబు చెప్పేలా రాయడం, ఆ మూడో వరుసను మరిచిపోకుండా గీయడం.